వంగి నడిచేవాడు దొరికిపోయి, పరుగెత్తేవాడు తప్పించుకుంటే: కాపలావాడి డిటెక్షన్ మీటర్ లెక్క

ప్రశ్న: మేమిద్దరం భీమవరం దగ్గర పల్లెలో ఉండి గోడో ఇంజిన్‌లో చిన్న ఆట చేస్తున్నాం. రాత్రిపూట రొయ్యల చెరువు గట్టు మీదుగా కాపలావాడి కంట పడకుండా తూము దాకా వెళ్లాలి. వెలుతురుకీ చప్పుడుకీ కలిపి ఒకే డిటెక్షన్ మీటర్ పెట్టాం. వంగి నడిస్తే వేగం సెకనుకు 1.5 మీటర్లు, కనబడే గుణకం 0.7. మామూలు నడకకు 3 మీటర్లు, గుణకం 1. పరుగుకు 5 మీటర్లు, గుణకం 1.5. ఆడినవాళ్లేమో “జాగ్రత్తగా పోతే దొరికిపోతున్నాం, పరుగెడితే దాటేస్తున్నాం, చీకట్లో ఉన్నా పట్టుకుంటున్నాడు” అంటున్నారు. తప్పు ఎక్కడుంది?

సమాధానం:

మీ ఆటగాళ్లు చెప్పిన మొదటి రెండు ఫిర్యాదులకూ కారణం మీరిచ్చిన ఆ ఆరు అంకెల్లోనే ఉంది. మూడవదానికి కారణం వేరు, దానికి తరువాత వస్తాను. దూరాన్ని కొలిచే మీటరుతో కలగాపులగం కాకుండా ఉండటానికి, డిటెక్షన్ మీటర్‌ను ఇక్కడి నుంచి “బార్” అని రాస్తాను.

గట్టు మీద ఒక స్తంభానికి బల్బు ఉందనుకుందాం. దాని కింద దాటవలసిన వెలుతురు పట్టీ పొడవు 6 మీటర్లు. కాపలావాడి పాక అక్కడి నుంచి 12 మీటర్ల దూరంలో ఉంది, అతడు ఇటే చూస్తున్నాడు. అంత దూరంలో పూర్తి వెలుతురులో నిటారుగా నడిచే మనిషిని గుర్తించడానికి అతనికి 4 సెకన్లు పడుతుందని, అంటే 4 సెకన్లలో బార్ సున్నా నుంచి నిండుకు వస్తుందని పెట్టుకుందాం. వెలుతురు బల్బు కింద ఎక్కువగానూ అంచుల్లో తక్కువగానూ ఉంటుంది కనుక పట్టీ మొత్తానికి సగటు 0.6 అనుకుందాం. అప్పుడు నడిచేవాడికి బార్ సెకనుకు 0.6ను 4తో భాగించినంత, అంటే 15 శాతం చొప్పున పెరుగుతుంది. అతడు ఆ 6 మీటర్లను 2 సెకన్లలో దాటుతాడు కాబట్టి 30 శాతం దగ్గర బయటపడతాడు.

ఇప్పుడు వంగి నడిచేవాడిని చూడండి. గుణకం 0.7 కనుక బార్ సెకనుకు పదిన్నర శాతమే పెరుగుతుంది, అది చూసి మీరు అతనికి మేలు చేశామనుకున్నారు. కానీ అతడు ఆ వెలుతురులో 4 సెకన్లు ఉండాలి, కాబట్టి బయటపడేసరికి 42 శాతం నిండుతుంది. పరుగెత్తేవాడికి సెకనుకు ఇరవై రెండున్నర శాతం పెరిగినా, అతడు 1.2 సెకన్లలోనే దాటేస్తాడు కనుక 27 శాతంతో సరిపోతుంది. అంటే మీ నియమాల ప్రకారం వంగి నడవడమే అన్నిటికంటే ప్రమాదకరం, పరుగే అన్నిటికంటే క్షేమం. మీ ఆటగాళ్లు ఈ లెక్క వేయలేదు, అయినా ఫలితాన్ని సరిగ్గానే పసిగట్టారు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందంటే, మనం గుణకాలను సెకను చొప్పున ఆలోచిస్తాం, ఆటగాడు మాత్రం దూరం చొప్పున ఖర్చు పెడతాడు. అతని ముందున్న పని “4 సెకన్లు దాక్కోవడం” కాదు, “ఈ 6 మీటర్లు దాటడం”. అందుచేత ప్రతి నడక తీరుకూ కనబడే గుణకాన్ని వేగంతో భాగించి చూడాలి. ఆ భాగఫలం వంగి నడవడానికి అన్నిటికంటే తక్కువగా, నడకకు మధ్యలో, పరుగుకు అన్నిటికంటే ఎక్కువగా రావాలి. మీ అంకెలకు అది వరుసగా 0.47, 0.33, 0.30 వస్తోంది, అంటే పూర్తిగా తిరగబడి ఉంది. నడకను అలాగే ఉంచి, వంగినప్పటి గుణకాన్ని 0.35కు దించి, పరుగు గుణకాన్ని 2కు పెంచితే 0.23, 0.33, 0.40 అవుతాయి. అదే పట్టీని దాటితే బార్ వంగినవాడికి 21 శాతం, నడిచినవాడికి 30, పరుగెత్తినవాడికి 36 చూపుతుంది. కాపలావాడు తలెత్తి చూసే గీతను 25 శాతం దగ్గర గీస్తే, వంగి వెళ్లినవాడు ఆ గీత కిందనే దాటతాడు, మిగిలిన ఇద్దరూ దానిని తాకుతారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వంగినప్పటి వేగాన్ని తరువాత ఎప్పుడైనా మార్చితే ఈ భాగఫలం కూడా మారిపోతుంది. నేను పనిచేసిన ఒక ఆటలో ఇదే జరిగింది. “వంగి నడక మరీ నీరసంగా ఉంది” అన్న మాట విని ఒకరు వేగం పెంచారు, రెండు వారాల తరువాత మరొకరు “కాపలావాళ్లు గుడ్డివాళ్లయిపోయారు” అని వాళ్ల చూపు పదును చేశారు. దానితో నిలబడి నడిచేవాళ్లందరూ దొరికిపోసాగారు. అసలు కారణం వేగంలో ఉందని తెలుసుకునేసరికి సగం స్థాయిలను మళ్లీ సరిచూడవలసి వచ్చింది. కనుక వేగమూ గుణకమూ ఒకే ఫైలులో, ఒకే వరుసలో పక్కపక్కన ఉంచండి.

బార్ నిండే తీరులో రెండవ విషయం, ఆటగాడికి వెనక్కు తగ్గడానికి దొరికే వ్యవధి. కాపలావాడు 25 శాతం దగ్గర తలెత్తి “ఎవరక్కడ?” అన్నాడనుకోండి. ఆ మాట చెవిన పడి వేలు కదలడానికే పావు సెకను పడుతుంది. ఎటు తగ్గాలో తేల్చుకోవడానికి మరికొంత, వంగి ఒక మీటరు వెనక్కు రావడానికి దాదాపు 0.7 సెకను. మొత్తం కలిపితే ఒకటింబావు సెకను దాకా అవుతుంది. అందుచేత తలెత్తడానికీ పట్టుబడటానికీ మధ్య కనీసం ఒకటిన్నర సెకను ఉండేలా చూస్తాను. అత్యంత దగ్గరలో, అంటే 3 మీటర్లలో, పూర్తి వెలుతురులో నిలబడి ఉన్నా బార్ నిండటానికి 2 సెకన్లు పట్టాలి, అప్పుడు 25 నుంచి 100కు చేరడానికి సరిగ్గా ఒకటిన్నర సెకను మిగులుతుంది. 12 మీటర్లకు 4 సెకన్లు, 20 మీటర్లకు 8 సెకన్లు, ఆ పైన అసలు లెక్కలోకే రాదు. దగ్గరలో పరుగెత్తినవాడికి ఈ వ్యవధి సగానికి పడిపోతుంది. అది అతడు తెలిసి చేసిన పని కనుక ఎవరూ తప్పు పట్టరు.

బార్ తగ్గడం కూడా వెంటనే మొదలు కాకూడదు. చాటుకు వెళ్లిన మరుక్షణమే తగ్గితే, ఆటగాళ్లు కొబ్బరి చెట్టు వెనుక నుంచి తొంగి చూసి దాక్కుంటూ, మళ్లీ తొంగి చూస్తూ కాపలావాడిని ఆటబొమ్మను చేస్తారు. ఒక సెకను ఆగి, ఆ తరువాత నెమ్మదిగా, నిండిన బార్ ఖాళీ కావడానికి నాలుగు సెకన్లు పట్టేలా తగ్గించండి. ఇంతవరకు చెప్పినది కోడ్‌లో ఇంతే:

```gdscript
func update_bar(delta):
    var rate = 0.0
    if can_see_player():
        rate = light * posture / time_to_full(distance)
    if rate > 0.0:
        bar = min(bar + rate * delta, 1.0)
        hold = 1.0
    elif hold > 0.0:
        hold -= delta
    else:
        bar = max(bar - 0.25 * delta, 0.0)
```

ఇందులో `light` అంటే 0 నుంచి 1 వరకు వెలుతురు, `posture` అంటే పైన చెప్పిన 0.35, 1, 2 గుణకాలు. ఇక్కడ చప్పుడు లేదని మీరు గమనించే ఉంటారు. అది మరచిపోయి వదిలినది కాదు, కానీ దానికి ముందు మీ మూడవ ఫిర్యాదు చూద్దాం.

“చీకట్లో ఉన్నా పట్టుకుంటున్నాడు” అని ఆటగాడు అన్నప్పుడు, తెర మీద చీకటికీ మీ లెక్కలోని చీకటికీ పొంతన కుదరలేదని అర్థం. మీరు ప్రతి దీపానికీ దూరాన్ని బట్టి వెలుతురును లెక్కిస్తున్నారనే అనుకుంటున్నాను, ఎందుకంటే గోడోలో ఒక చోట పడే వెలుతురు ఎంతో సూటిగా అడిగి తెలుసుకునే సదుపాయం లేదు. ఆ లెక్కలో చాలామంది దూరానికి తగ్గట్టు తిన్నగా తగ్గిస్తారు: బల్బు పరిధి 10 మీటర్లయితే 5 మీటర్ల దగ్గర సగం, 8 మీటర్ల దగ్గర ఐదో వంతు. తెర మీద దీపం అలా తగ్గదు. దగ్గరలో ధగధగలాడి, త్వరగా పలచబడి, పరిధి చివరి భాగమంతా కంటికి దాదాపు చీకటిగానే కనబడుతుంది. ఆటగాడు 8 మీటర్ల దగ్గర చీకట్లో ఉన్నాననుకుంటాడు, మీ కోడ్ మాత్రం అతని మీద 20 శాతం వెలుతురు పడుతోందంటుంది. కాబట్టి దూరం లెక్కను వర్గంగా మార్చండి, అంటే మిగిలిన పరిధి భాగాన్ని దానితోనే గుణించండి, అప్పుడు 8 మీటర్ల దగ్గర 4 శాతమే వస్తుంది. దానిపైన, 10 శాతం లోపు వచ్చినదంతా సున్నాగా తీసుకోండి. కంటికి చీకటైనచోట లెక్కలోనూ పూర్తి చీకటే ఉండాలి. కాపలావాడు ఆటగాడి ఒంటికి తగిలేంత దగ్గరగా వచ్చిన సందర్భానికి వేరే నియమం పెట్టుకోవచ్చు.

దీనికి తోడు రెండు చిన్న సంగతులున్నాయి. కెమెరాలో `auto_exposure_enabled` వేసి ఉంటే చీకటి చోట కొంతసేపు ఉండగానే తెర దానంతటదే వెలుగెక్కుతుంది, ఆటగాడు తాను వెలుతురులో ఉన్నానేమోనని భయపడతాడు. రాత్రి స్థాయిలలో దానిని ఆపేయండి. రెండవది కొబ్బరి ఆకుల నీడ. గాలికి ఆకులు ఊగుతుంటే వాటి నీడను లెక్కలోకి తీసుకున్న కోడ్‌లో వెలుతురు క్షణానికొకలా మారి బార్ వణుకుతుంది. దీపం నుంచి మనిషి దాకా గీసే కిరణాన్ని మాను మాత్రమే ఆపేలా, ఆకులు ఆపకుండా పెట్టండి, వచ్చిన విలువను పావు సెకను సగటుగా తీసుకోండి. తలకూ ఛాతీకీ కాళ్లకూ విడివిడిగా మూడు కిరణాలు గీస్తే, గట్టు వాలులో నడుము దాకా దిగి నడిచేవాడికి దానికి తగిన ఫలం దక్కుతుంది. ఈ మూడింటిలో ఛాతీకి సగం విలువ ఇస్తాను.

1998లో వచ్చిన “థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్” ఆటలో తెర అడుగున ఒక రత్నం ఉండేది. ఆటగాడి మీద వెలుతురు పడే కొద్దీ అది వెలిగేది. కాపలావాడు చూస్తున్నాడా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. మీ ఆటలో ఉన్న బార్ ఒక్కటే అయితే, అది నిండటం మొదలైన తరువాతనే ఆటగాడికి తన తప్పు తెలుస్తుంది. “ఇప్పుడు నేనెంత కనబడుతున్నాను” అన్నది ఒక గుర్తుగా, “అతడు నన్నెంత పసిగట్టాడు” అన్నది మరొక గుర్తుగా విడదీసి చూపండి. మొదటిది మూలన చిన్న లాంతరు బొమ్మగా ఉన్నా చాలు, రెండవది కాపలావాడి తల మీద ఉండాలి. ఇద్దరు కాపలావాళ్లున్నప్పుడు ఎవరు చూశారో చెప్పని బార్ ఉండీ లేనట్టే.

ఇక చప్పుడు. మీరు చేసినట్టు చప్పుడును కూడా అదే బార్‌లో పోస్తే ఒక వింత జరుగుతుంది. పాక గోడకు అవతల, అసలు కనబడని చోట ఆటగాడు రెండుసార్లు ఎండు మట్ట తొక్కితే బార్ నిండిపోతుంది, గోడ చాటున ఉన్నవాడిని కాపలావాడు “చూసేశాడు” అని ఆట ప్రకటిస్తుంది. చెవి ఎటునుంచి వచ్చిందో చెప్పగలదు కానీ, ఎవరో చెప్పలేదు. అందుచేత చప్పుడు ఎప్పుడూ మనిషిని పట్టించకూడదు. అది కాపలావాడిని అటు తిప్పాలి, పెద్దదైతే లేచి అక్కడికి నడిపించాలి, అంతవరకే. పట్టుకోవడం కంటి పని. ఇలా పెడితే చప్పుడు చేసిన ఆటగాడికి ఎప్పుడూ ఒక అవకాశం మిగులుతుంది: కాపలావాడు చప్పుడు వచ్చిన చోటికి వస్తాడు, ఆటగాడు ఆ చోటిలో ఉండకుండా చూసుకోవాలి.

చప్పుడును డెసిబెల్‌లలో కాక “ఎన్ని మీటర్లు వినబడుతుంది” అన్న కొలతలో పెట్టుకుంటే మీకూ ఆటగాడికీ సులువు. బురద మీద వంగి నడిస్తే 2 మీటర్లు, నడిస్తే 6, పరుగెడితే 12. ఎండు కొబ్బరి మట్టల మీదా డొక్కల మీదా అయితే రెట్టింపు. ఆ దూరాన్ని సూటిగా కాక మనిషి నడిచి వెళ్లగల దారి వెంట కొలవండి, లేకపోతే గోడ వెనుక చప్పుడు గోడ లేనట్టే వినబడుతుంది. వినబడే పరిధిలోంచి దారి దూరాన్ని తీసివేయగా మిగిలినదే కాపలావాడి చెవికి చేరిన చప్పుడు. అది 3 లోపు అయితే తల తిప్పుతాడు, దాటితే లేచి వస్తాడు.

మీ చెరువుకు ఇక్కడ గొప్ప అవకాశం ఉంది, మీరు దానిని వాడుకోలేదేమోనని నా అనుమానం. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక మన వైపు చెరువుల్లో ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. ఆ తెడ్ల చక్రాల మోత పక్కన అడుగుల చప్పుడు కలిసిపోతుంది. 2005లో వచ్చిన “స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీ”లో చప్పుడు మీటర్ మీద చుట్టుపక్కల మోత ఎంతో ఒక గీత చూపేది. ఆటగాడి చప్పుడు ఆ గీత కిందనే ఉంటే ఎవరూ వినరు. అదే మీ గట్టు మీదకు తీసుకురావచ్చు.

ఒక మెలిక మాత్రం ఉంది. ఆ మోతను ఆటగాడు నిలబడ్డ చోట కాక, కాపలావాడి చెవి దగ్గర లెక్కించాలి. నేను మొదటిసారి దీనిని తలకిందులుగా రాశాను. కాపలావాడు హోరెత్తే యంత్రం పక్కనే వంగి ఏదో చూస్తున్నాడు, ఆటగాడు నిశ్శబ్దంగా ఉన్న వైపు నుంచి అతని వెనుకకు వస్తున్నాడు. మోత ఆటగాడి దగ్గర లేదు కాబట్టి కోడ్ దేనినీ తగ్గించలేదు, అంత హోరులోనూ కాపలావాడు అయిదు మీటర్ల అవతలి అడుగు విని చటుక్కున వెనుదిరిగాడు. ఆడుతున్నవాడు నవ్వి కీబోర్డు పక్కన పెట్టేశాడు.

అంకెలతో చూద్దాం. ఏరియేటర్ 25 మీటర్లు వినబడుతుంది, కాపలావాడు దానికి 10 మీటర్ల దూరంలో ఉన్నాడు, కనుక అతని చెవిలో 15 మిగిలింది. అందులో 0.4 వంతును, అంటే 6ను, ప్రతి అడుగు చప్పుడులోంచీ తీసివేస్తాం. ఆటగాడు అతనికి 5 మీటర్ల దూరంలో ఎండు మట్ట మీద మామూలుగా నడిచాడు: పరిధి 12, దూరం తీసివేస్తే 7, మోత తీసివేస్తే 1. కాపలావాడు తల తిప్పి మళ్లీ తన పనిలో పడతాడు. ఏరియేటర్ ఆగి ఉంటే ఆ 7 అలాగే ఉండి, అతడు లేచి వచ్చేవాడు.

ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. బల్బు ఆరింది, గట్టంతా చీకటి, ఆటగాడికి పండగ. అయితే ఏరియేటర్లు కూడా ఆగుతున్నాయి. చక్రాలు మూడు సెకన్ల పాటు నెమ్మదించి ఆగేలోపు ఆ 6 సున్నాకు జారుతుంది, అంతకు ముందు ఎవరికీ వినబడని అడుగులు ఇప్పుడు వినబడతాయి. పైగా ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు చచ్చిపోతాయి కాబట్టి కాపలావాడు కూర్చుని ఉండడు, టార్చిలైటు పట్టుకుని జనరేటర్ వైపు పరుగుతీస్తాడు. కన్ను బలహీనపడినప్పుడు చెవి బలపడే ఈ ఇరవై, ముప్పై సెకన్లు మీ ఆటలో అన్నిటికంటే మంచి ఘట్టం కాగలవు. దానికి ఒకే షరతు ఉంది. స్పీకర్‌లో వినబడే ఏరియేటర్ శబ్దమూ, లెక్కలో తీసివేసే ఆ 6 కూడా ఒకే చలరాశి నుంచి రావాలి. శబ్దం మూడు సెకన్లలో తగ్గుతూ, లెక్క మాత్రం ఒక్క క్షణంలో సున్నా అయితే, మోత ఇంకా వినబడుతుండగానే ఆటగాడు దొరికిపోతాడు, మళ్లీ అదే ఫిర్యాదు మీ దగ్గరికి వస్తుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. నీటి మీద పడే బల్బు వెలుగుకు అడ్డంగా నడిచేవాడు, తాను చీకట్లో ఉన్నా, నల్లని ఆకారంగా కనబడతాడు. పైన చెప్పిన లెక్క మనిషి మీద పడే వెలుతురునే చూస్తుంది కాబట్టి దీనిని పట్టుకోలేదు. నేనైతే దానిని కోడ్‌తో సాధించను. కాపలావాడి పాకనూ దీపాన్నీ చెరువుకు ఒకే ఒడ్డున పెట్టేస్తాను, అప్పుడు ఆ వెలుగుకు అడ్డంగా నడిచే దారే ఉండదు.

సరిచూడటానికి ఒక్క పని చేయండి. ఆటగాడు దొరికిన ప్రతిసారీ అప్పటికి రెండు సెకన్ల ముందు నుంచి వెలుతురు, దూరం, నడక తీరు, చెవికి చేరిన చప్పుడు ఒక ఫైలులో రాయించండి. ఆడుతున్నవాడిని మాత్రం “ఎందుకు దొరికావు?” అని ఆ క్షణంలోనే అడిగి, అతడు చెప్పింది పక్కన రాసుకోండి. “మట్ట తొక్కాను” అన్నచోట ఫైలులో చప్పుడు 7 అని ఉంటే, అతనికి కోపం వచ్చినా మీరేమీ మార్చనక్కరలేదు. “తెలియదు” అన్నచోట ఆగి చూడండి. పాత గుణకాలతో ఆడిన నలుగురినీ కొత్త గుణకాలతో అదే గట్టు మీద ఒకసారి నడిపించి, ఆ ఫైలును ఇక్కడ పెడితే, బార్ ఎక్కడ ఎగబాకుతోందో చూసి చెబుతాను.